గ్రూప్ డిస్కషన్‌కు తయారవడం ఎలా?

రిక్కార్టన్, ఇలామ్ ప్రాంతాల్లో ఉన్న మన తెలుగు కుటుంబాల నుంచి ఏటా కొంతమంది పిల్లలు యూనివర్సిటీ ఆఫ్ కాంటర్బరీలో చదువు ముగించి ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతుంటారు. ఇక్కడి పెద్ద సంస్థలు చాలావరకు వచ్చే ఏటి ఉద్యోగాలకు ఈ ఏడాది మొదట్లోనే దరఖాస్తులు తీసుకుంటాయి. దరఖాస్తు దాటాక, ఫోను ఇంటర్వ్యూ దాటాక, ఒకరోజు పిలిచి నలుగురైదుగురితో కలిపి ఒక బల్ల చుట్టూ కూర్చోబెడతారు. చేతికి ఒక కాగితం ఇచ్చి, "మీలో మీరు చర్చించి ఒక నిర్ణయానికి రండి" అంటారు. చదువులో ఎంతో ముందున్న మన పిల్లలు కొందరు సరిగ్గా ఇక్కడే ఆగిపోతున్నారు. అందుకే ఈ సంచికలో పెద్ద తరగతుల విద్యార్థుల కోసం, వారి తల్లిదండ్రుల కోసం ఈ పాఠం.

అసలు ఏం చూస్తారు?

గ్రూప్ డిస్కషన్ కొత్త పద్ధతి కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, బ్రిటిష్ సైన్యం అధికారులను ఎంపిక చేయడానికి ప్రత్యేక బోర్డులు పెట్టింది. అక్కడ పనిచేసిన విల్‌ఫ్రెడ్ బయాన్ అనే మానసిక వైద్యుడు నాయకుడు లేని గుంపు అనే పరీక్షను రూపొందించాడు. ఆయన పుట్టింది మన దేశంలోనే, మధురలో. ఆ పరీక్షలో గుంపుకు ఒక పని ఇస్తారు కాని నాయకుడెవరో చెప్పరు. ప్రతివాడికీ తాను ఎంపిక కావాలని ఉంటుంది. కాని పని జరగాలంటే పక్కవాడితో కలవాలి. ఈ రెండింటి మధ్య మనిషి ఎలా నడుచుకుంటాడన్నదే పరీక్ష. భారత సైన్యం ఎంపికలో ఈనాటికీ ఆ ముద్ర ఉంది. మన కాలేజీల్లో క్యాంపస్ సెలెక్షన్లకు పెట్టే గ్రూప్ డిస్కషన్‌కూ మూలం ఇదే.

ఇప్పుడు గదిలో కూర్చున్న పరిశీలకుల సంగతి చూద్దాం. శిక్షణ పొందిన పరిశీలకుడు మొదట చూస్తాడు, వింటాడు, విన్నది విన్నట్టు రాసుకుంటాడు. మార్కులు వేయడం చర్చ అయిపోయాక జరిగే పని. చాలాచోట్ల ఒక్కో పరిశీలకుడికి ఒకరో ఇద్దరో అభ్యర్థులను అప్పగిస్తారు. కాబట్టి ఆయన కాగితం మీదకు వచ్చేది మీరు పైకి అన్న మాట, పైకి చేసిన పని మాత్రమే. "నాకు ఆ పాయింట్ తెలుసు, కాని వేరేవాళ్ళు ముందు చెప్పేశారు" అని బయటకు వచ్చి బాధపడితే లాభం లేదు. మనసులో అనుకున్నది ఏ కాగితంలోనూ ఉండదు. అడగందే అమ్మైనా పెట్టదు అన్నట్టు, చెప్పనిదే ఎవరూ రాసుకోరు. ఈ పాఠంలో మిగిలినదంతా ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది.

అక్కడికీ ఇక్కడికీ తేడా

ఆంధ్ర, తెలంగాణల్లో ఇంజనీరింగ్ చదివి వచ్చినవారికి క్యాంపస్ గ్రూప్ డిస్కషన్ గుర్తుండే ఉంటుంది. పదిమంది, పది పదిహేను నిమిషాలు, అప్పటికప్పుడు ఇచ్చే అంశం. అందరూ ఒకేసారి అరిస్తే దానికి ఫిష్ మార్కెట్ అని పేరు కూడా పెట్టుకున్నాం. అక్కడ గొంతు పెంచకపోతే అసలు అవకాశమే దొరకని సందర్భాలు ఉంటాయి. ఆ అలవాటుతో ఇక్కడికి వచ్చి మాట మధ్యలో దూరితే, పరిశీలకుడు "ఎదుటివారిని పూర్తి చేయనివ్వలేదు" అని రాసుకుంటాడు. ఇక్కడ గుంపు చిన్నది, సాధారణంగా నలుగురి నుంచి ఆరుగురు. చేతిలో సమాచారంతో కాగితం ఉంటుంది, చివరకు ఒక నిర్ణయం చెప్పాలి.

ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లల ఇబ్బంది వేరు. పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో మాట్లాడకూడదని ఇంట్లో నేర్పాం. ఎవరైనా "నువ్వేమంటావు?" అని అడిగితేనే చెబుతారు. చర్చలో అలా అడిగేవాడు ఒక్కోసారి ఉండడు. మంచి మర్యాదను వదులుకోమని కాదు. ఒకరు వాక్యం పూర్తి చేశాక వచ్చే చిన్న విరామం అందరిదీ అని, అది మనదీ అని పిల్లలకు చెప్పాలి.

ఒక ఉదాహరణ

వివరంగా చూడటానికి మనందరికీ తెలిసిన అంశం ఒకటి తీసుకుందాం. ఆరుగురు అభ్యర్థులు ఉన్నారు. కాగితం చదవడానికి 5 నిమిషాలు, చర్చకు 20 నిమిషాలు. అంశం: "క్రైస్ట్‌చర్చ్ కెథడ్రల్ పునరుద్ధరణకు ఇంకా ప్రజాధనం ఇవ్వాలా?"

కాగితంలో ఉన్న సమాచారం ఇది. కెథడ్రల్ 1881లో ప్రతిష్ఠ జరిగిన కట్టడం. 2011 ఫిబ్రవరి 22న వచ్చిన భూకంపంలో దాని శిఖరం కూలింది. కూల్చేయాలా, నిలబెట్టాలా అన్న వివాదం ఏళ్ళ తరబడి నడిచాక, 2017 సెప్టెంబరులో ఆంగ్లికన్ సినడ్ నిలబెట్టడానికే ఓటు వేసింది. ప్రభుత్వం 10 మిలియన్ డాలర్ల గ్రాంటు, 15 మిలియన్ల అప్పు ఇవ్వడానికి ఒప్పుకుంది. సిటీ కౌన్సిల్ మరో 10 మిలియన్లు ఇస్తానంది. 2020లో ఖర్చు అంచనా 154 మిలియన్లు. 2024లో అది 248 మిలియన్లకు పెరిగింది. డబ్బు చాలక 2024 ఆగస్టులో పనులు ఆపుతున్నట్టు ప్రకటించారు.

చదివే 5 నిమిషాలు చాలా విలువైనవి. అంతా గుర్తుపెట్టుకోవాలని ప్రయత్నించకండి. కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి ఎడమవైపు "ఇవ్వాలి", కుడివైపు "వద్దు" అని రాయండి. రెండువైపులా రెండేసి మాటలు రాస్తే చాలు. కింద ఒక ప్రశ్న రాసుకోండి: "ఈ నిర్ణయం వల్ల ఎవరికి నష్టం?" ఈ ప్రశ్న చర్చ మధ్యలో మీకు పనికొస్తుంది.

మొదలుపెట్టడం

ముందు మాట్లాడినవాడికి మార్కులు ఎక్కువ అని చాలామంది నమ్ముతారు. ముందు మాట్లాడటం వల్ల మాట వినబడటం నిజమే, కాని ఏం మాట్లాడారన్నదే కాగితం మీదకు వెళుతుంది. ఒకటో కుర్చీలోని అబ్బాయి వెంటనే అందుకున్నాడనుకుందాం: "కెథడ్రల్ ఈ ఊరి గుర్తు. తప్పకుండా డబ్బు ఇవ్వాలి." అతను చర్చను మొదలుపెట్టలేదు. తన అభిప్రాయం చెప్పాడంతే. వెంటనే రెండో కుర్చీవారు కాదన్నారు. మూడో నిమిషానికే గుంపు రెండుగా చీలిపోయింది, ఇంకా ప్రశ్న ఏమిటో కూడా ఎవరూ తేల్చుకోలేదు.

మంచి ప్రారంభంలో మూడు పనులు జరగాలి. ప్రశ్న ఏమిటో స్పష్టం కావాలి, సమయం ఎలా పంచుకోవాలో తేలాలి, మరొకరికి మాట అందాలి. ఉదాహరణకు ఇలా అనవచ్చు: "మనం తేల్చాల్సింది కెథడ్రల్ కట్టాలా వద్దా అని కాదు, ఇంకా ప్రజల డబ్బు ఇవ్వాలా అని. ముందు ఇవ్వాలనడానికి కారణాలు, తరువాత వద్దనడానికి కారణాలు చూసి, చివరి 4 నిమిషాలు నిర్ణయానికి ఉంచుకుందామా? మీరందరూ ఏమంటారు?" ఇంగ్లీషులో దీనికి అర నిమిషం పట్టదు. ఇందులో సొంత అభిప్రాయం ఒక్కటి కూడా లేదు, అయినా గుంపు మొత్తానికి దారి దొరికింది. చివరి ప్రశ్న మరచిపోవద్దు. అది లేకపోతే అదే మాట ఆజ్ఞలా వినబడుతుంది.

మీకంటే ముందు మరొకరు ఇలా మొదలుపెడితే బాధపడనక్కరలేదు. "ఆ క్రమం బాగుంది, నేను సమయం చూస్తుంటాను" అనండి. అది కూడా రాసుకునే మాటే. అయితే సమయం చూస్తానని ఒప్పుకుంటే నిజంగా చూడాలి. ఒప్పుకుని మరచిపోతే ఒప్పుకోకపోవడం కంటే నష్టం.

మధ్యలో: ఎంత మాట్లాడాలి?

లెక్క వేసి చూద్దాం. 20 నిమిషాల్లో ప్రారంభానికి 1, ముగింపుకు 4 తీసేస్తే 15 మిగులుతాయి. ఆరుగురికి పంచితే ఒక్కొక్కరికి రెండున్నర నిమిషాలు. ఒకసారికి అర నిమిషం చొప్పున అయిదుసార్లు మాట్లాడవచ్చన్నమాట. అర నిమిషంలో నెమ్మదిగా మాట్లాడితే నాలుగైదు వాక్యాలు వస్తాయి. ఒక విషయం, దానికి ఒక కారణం చెప్పడానికి అది చాలు. ఒకేసారి రెండున్నర నిమిషాలు ప్రసంగించి తరువాత మౌనంగా కూర్చోవడం, అసలు మాట్లాడకపోవడం, రెండూ ఒకే రకం పొరపాట్లు. మాట గుంపుతో కలవదు.

ఒక్కటే పాయింట్‌ను ముగ్గురు మూడు రకాలుగా చెప్పడం చర్చను ముందుకు నడపదు. మీరు చెప్పాలనుకున్నది ఎవరైనా చెప్పేస్తే, దాని మీద ఇంకో పొర వేయండి. ఉదాహరణకు మూడో కుర్చీలోని అమ్మాయి "ఖర్చు 154 నుంచి 248 మిలియన్లకు పెరిగింది, ఇంకా పెరగదని నమ్మకమేమిటి?" అంది. నాలుగో కుర్చీలో మీరున్నారు, మీదీ అదే ఆలోచన. అప్పుడు "అవును, నాదీ అదే మాట" అని ఆగిపోకుండా, "ఆవిడ అడిగింది సరైన ప్రశ్న. నాలుగేళ్ళలో 94 మిలియన్లు పెరిగింది. కాబట్టి ఇస్తే ఒకేసారి కాకుండా, ఒక్కో దశ పూర్తయ్యాక ఇవ్వవచ్చా?" అనండి. ఆమెకు గౌరవం దక్కింది, మీ మాటా కొత్తదయింది. గుంపుకు ఇవ్వాలి, వద్దు అన్న రెండు దారుల మధ్య మూడో దారి దొరికింది.

ఇక విభేదించడం. న్యూజిలాండ్‌లో మాటను సూటిగా కొట్టిపారేయడం తక్కువ. "యా, నా" అనే మాట మీరు రోజూ వింటూనే ఉంటారు. మొదటి ముక్కలో నీ మాట విన్నాను అని, రెండో ముక్కలో కాని ఒప్పుకోను అని. చర్చలో కూడా వరుస అదే. ముందు ఎదుటివారి మాటలో ఒప్పుకోదగిన భాగం చెప్పి, తరువాత మీ అభ్యంతరం చెప్పండి. అయితే మెత్తగా చెప్పబోయి అభ్యంతరమే వదిలేయవద్దు. అందరూ అన్నిటికీ తలూపితే పరిశీలకుడికి రాసుకోవడానికి ఏమీ ఉండదు.

తప్పు సమాచారం వచ్చినప్పుడు మరింత జాగ్రత్త అవసరం. అయిదో కుర్చీలోని అబ్బాయి "కెథడ్రల్ కూలి ఎంతోమంది చనిపోయారు, అది స్మారకంగా నిలవాలి" అన్నాడు. ఆ రోజుల్లో శిఖరం కింద జనం ఉన్నారేమోనని అందరూ భయపడిన మాట నిజం. కాని తరువాత వెతికితే అక్కడ ఎవరూ దొరకలేదు. ఆ భూకంపంలో మొత్తం 185 మంది మరణించారు, అందులో 115 మంది సీటీవీ భవనంలో. ఈ ఊళ్ళో ఇది మాట్లాడుతున్నప్పుడు, బల్ల చుట్టూ ఉన్నవారిలో ఒకరి బంధువు ఆ 185 మందిలో ఉండవచ్చని గుర్తుంచుకోవాలి. "నీకు తెలియదు" అని కాకుండా, "నాకు తెలిసినంతవరకు కెథడ్రల్‌లో ప్రాణనష్టం జరగలేదు. అయినా ఊరి జ్ఞాపకం గురించి మీరన్న మాట ఉంచుకుందాం" అంటే సరిపోతుంది. తప్పు పోయింది, మనిషి మిగిలాడు.

ఎక్కువ మాట్లాడేవారు, మాట్లాడనివారు

ఒకటో కుర్చీ అబ్బాయి పదో నిమిషానికి ఏడుసార్లు మాట్లాడాడు. ఆరో కుర్చీలోని అమ్మాయి ఒక్కసారి కూడా మాట్లాడలేదు. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు కల్పించుకోవాలి, ఆ ఒక్కరు మీరే కావచ్చు. "మీరు మాట్లాడటం ఆపండి" అనక్కరలేదు. అతని మాటను ఒక్క వాక్యంలో కుదించి చెప్పండి: "అంటే మీ ముఖ్యమైన కారణం ఊరి గుర్తింపు, కదా? అది రాసుకున్నాం." తన మాట అందరికీ చేరిందని తెలిస్తే చాలామంది ఆగిపోతారు. ఆగనివాడికి, మాట పూర్తయిన వెంటనే మరొకరిని పిలవడమే మందు.

మాట్లాడని మనిషిని పిలిచేటప్పుడు "మీరేమీ మాట్లాడటం లేదే?" అనకూడదు. అది తప్పు ఎత్తి చూపినట్టవుతుంది. జవాబు చెప్పడానికి సులువుగా ఉండే ప్రశ్న వేయండి. "కౌన్సిల్ డబ్బంటే ఊళ్ళో ఇళ్ళు కట్టే రేట్స్ నుంచే కదా వచ్చేది. ఇళ్ళవాళ్ళకు ఇది ఎలా కనిపిస్తుందని మీకనిపిస్తోంది?" అంటే ఆమెకు పట్టుకోవడానికి ఒక కొమ్మ దొరుకుతుంది. అడిగాక రెండు మూడు క్షణాలు ఆగాలి. జవాబు రాకముందే మీరే చెప్పేస్తే పిలిచిన ఫలితం పోతుంది. ఇంకొక హెచ్చరిక: మార్కుల కోసం ప్రతి రెండు నిమిషాలకూ అందర్నీ పిలుస్తూ కూర్చుంటే నటన అని తెలిసిపోతుంది. అవసరమైనప్పుడు ఒకసారి చేస్తే చాలు.

మీరే ఎక్కువ మాట్లాడుతున్నారేమో ఎలా తెలుసుకోవాలి? మీరు మాట్లాడిన ప్రతిసారీ కాగితం మూలన ఒక గీత గీయండి. సగం సమయానికి నాలుగు గీతలు దాటితే ఇక ప్రశ్నలే అడగండి. ఒక్క గీతా లేకపోతే, తరువాత వచ్చే విరామం మీది.

ముగింపు

సమీక్ష చెప్పడం చాలామంది అనుకున్నంత సులువు కాదు. ఎక్కువగా కనిపించే తప్పు ఇది: "మొత్తం మీద అందరం కెథడ్రల్‌కు డబ్బు ఇవ్వాలనే అనుకున్నాం." ఇద్దరు వద్దన్నారు కదా! తన అభిప్రాయాన్నే అందరి పేరా చెప్పడం సమీక్ష కాదు. రెండో తప్పు, చివర్లో కొత్త పాయింట్ తేవడం. దాన్ని చర్చించడానికి సమయం ఉండదు. మూడోది, మొదటి నుంచి చివరి వరకు ఎవరేమన్నారో వరుసగా అప్పజెప్పడం. అది హాజరుపట్టీ చదివినట్టుంటుంది.

మంచి సమీక్షలో నాలుగు భాగాలుంటాయి: ప్రశ్న, ఒప్పుకున్నవి, ఒప్పుకోనివి, నిర్ణయం. మన ఉదాహరణలో ఇలా వస్తుంది:

"ఇంకా ప్రజాధనం ఇవ్వాలా అన్నది మన ప్రశ్న. కెథడ్రల్ ఊరికి ముఖ్యమని, అంచనా పెరిగిన తీరు ఆందోళనకరమని అందరం ఒప్పుకున్నాం. రేట్స్ కట్టే ఇళ్ళ మీద ఇంకా భారం వేయవచ్చా అన్న దగ్గర మనం ఏకం కాలేదు. నలుగురు దశలవారీగా ఇవ్వవచ్చన్నారు, ఇద్దరు వద్దన్నారు. కాబట్టి మన సిఫారసు: ప్రతి దశకూ ఖర్చు పరిమితి పెట్టి, మిగిలిన సొమ్ము విరాళాల ద్వారా వచ్చాకే ప్రజాధనం ఇవ్వాలి. వద్దన్నవారి అభ్యంతరాన్ని కూడా సిఫారసుతో పాటు చెబుతాం. నేను ఏదైనా వదిలేశానా?"

దీనికి ముప్పావు నిమిషం పడుతుంది. ఓడినవారి మాట కూడా ఇందులో ఉండటం గమనించండి. సమీక్ష సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒకే పరీక్ష: వద్దన్న ఇద్దరూ దాన్ని విని "అవును, మేమన్నది ఇదే" అనగలగాలి. ఏకాభిప్రాయం రాకపోయినా నష్టం లేదు. రానిదాన్ని వచ్చిందని చెప్పడమే నష్టం.

సమీక్ష చెప్పే అవకాశం ఒక్కరికే వస్తుంది కదా అని దిగులు పడకండి. చర్చ మధ్యలో, పదో నిమిషం దగ్గర, "ఇప్పటివరకు రెండు విషయాలు తేలాయి, ఒకటి మిగిలింది" అని రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. దారి తప్పిన చర్చకు ఆ చిన్న సమీక్ష చివరిదానికంటే ఎక్కువ పనికొస్తుంది.

ఇంట్లో అభ్యాసం

దీనికి కోచింగ్ సెంటర్ అక్కరలేదు. నలుగురు పిల్లలు, ఒక పెద్దవారు ఉంటే చాలు.

1. ఒక్కొక్కరికి అయిదేసి శనగలు ఇవ్వండి. మాట్లాడిన ప్రతిసారీ ఒక శనగ బల్ల మధ్యలో పెట్టాలి. శనగలు అయిపోయినవారు ఇతరులను ప్రశ్న అడగవచ్చు కాని అభిప్రాయం చెప్పకూడదు. చివరకు శనగలు మిగిలినవారు ఎందుకు మిగిలాయో చెప్పాలి.

2. పెద్దవారు పరిశీలకులు. కాగితం మీద ఎవరు ఏమన్నారో మాత్రమే రాయాలి. "బాగా మాట్లాడాడు" అని రాయకూడదు. "ఫలానావారి మాట అందుకుని దశలవారీ సూచన చేశాడు" అని రాయాలి. మధ్యలో కల్పించుకోవద్దని తల్లిదండ్రులకు ప్రత్యేక మనవి.

3. పన్నెండు నిమిషాలయ్యాక ఆపి, ఎక్కువ శనగలు మిగిలినవారి చేత సమీక్ష చెప్పించండి. మౌనంగా విన్నవారికి ఎంత గుర్తుందో అప్పుడు తెలుస్తుంది.

4. మొదటిసారి తెలుగులో చేయండి, అదే అంశం రెండోసారి ఇంగ్లీషులో చేయండి. తెలుగులో తడబడితే సమస్య ఆలోచనలో ఉన్నట్టు. ఇంగ్లీషులోనే తడబడితే సమస్య భాషలో ఉన్నట్టు. రెండింటికీ చేయవలసిన సాధన వేరు.

అభ్యాసానికి అంశాలు

అ) రిక్కార్టన్ రోడ్డు మీద కార్లు నిలిపే స్థలం తగ్గించి బస్సులకు ఎక్కువ చోటు ఇవ్వాలా? దుకాణదారులు, బస్సు ఎక్కే విద్యార్థులు, ఇళ్ళవారు, ముగ్గురి వైపు నుంచీ ఆలోచించండి.

ఆ) తెలుగు బడి తరగతుల్లో ఇంగ్లీషు పూర్తిగా మానేయాలా? ఈ సంవత్సరమే చేరిన పిల్లవాడిని, అయిదేళ్ళుగా వస్తున్న పిల్లను, ఇద్దరినీ దృష్టిలో పెట్టుకుని మాట్లాడండి.

ఇ) పై రెండింటిలో ఒకదాని మీద చర్చ జరిపి, నాలుగు భాగాల సమీక్షను పది వాక్యాలకు మించకుండా రాయండి. తరువాత మీతో ఒప్పుకోనివారికి చదివి వినిపించి, వారి మాట సరిగ్గా వచ్చిందో లేదో వారినే అడగండి.